వడ్డీ లెక్క: ఊరి మాటలోనా, శాతంలోనా?

మహారాష్ట్రలోని సిరొంచ వైపు మన పిల్లల కోసం మరాఠీ లెక్కల్ని తెలుగులోకి తెస్తుంటే నన్ను ఎక్కువగా ఆపేది ‘దసాదశే’ అన్న మాట. ఏడాదికి, నూటికి అని దాని అర్థం. ఒక లెక్క చూడండి: రూ. 5000, దసాదశే 8, 3 ఏళ్లు.

ఊరి మాట: ‘నూటికి 8 రూపాయల వడ్డీ’. పిల్లలకు ఇట్టే తెలుస్తుంది.
శాతం: ‘ఏడాదికి 8 శాతం సరళవడ్డీ’. ఒకసారి విడమరచి చెప్పాలి.

ప్రమాదం మొదటిదాంట్లోనే ఉంది. మన ఇళ్లలో నూటికి 8 అంటే నెలకే. పిల్లవాడు 50 × 8 × 36 వేసి 14,400 తెస్తాడు. అసలు జవాబు 5000 × 8 × 3 / 100 = 1200. సరిగ్గా 12 రెట్లు తేడా వచ్చిందంటే తప్పు ఇక్కడే జరిగింది.

పోనీ నెలవడ్డీకి మార్చి రాద్దామంటే 8ని 12తో భాగించాలి, అది తెగదు. 67 పైసలనుకుంటే 1206 వస్తుంది, పుస్తకం వెనక జవాబుతో కలవదు. నేనూ మొదట్లో ఇలాగే మార్చి, జవాబులన్నీ మళ్లీ దిద్దుకున్నాను.

అచ్చు పుస్తకానికి శాతమే రాయండి, ‘ఏడాదికి’ అన్న మాట ప్రతి లెక్కలోనూ ఉండాలి. నోటిలెక్కలకు, అదీ రేటు 12 లేదా 24 అయినప్పుడు, ‘నెలకు నూటికి రూపాయి’, ‘నెలకు నూటికి రెండు’ అనడం చక్కగా సరిపోతుంది.