మూడేళ్లు వాడాక ఎనిమిది పోర్టుల పీవోఈ స్విచ్: గేటు కెమెరా నేర్పిన లెక్క

మిర్యాలగూడలో మా రైస్ మిల్లు కెమెరాల కోసం, డేటా తీగలోనే కరెంటు కూడా పంపే ఈ పీవోఈ స్విచ్ మూడేళ్ల కింద కొన్నాను. ఎనిమిది పోర్టులు, మొత్తం 60 వాట్లు. డబ్బా మీద మాత్రం "పోర్టుకు 30 వాట్లు" అని పెద్దక్షరాల్లో ఉంటుంది, 60 సంగతి వెనకవైపు చిన్నక్షరాల్లో ఉంటుంది. ఊక దుమ్ములో, ఎండాకాలం రేకుల గదిలో ఉన్నా ఒక్కసారి కూడా చెడిపోలేదు. ఏడు కెమెరాల దాకా దీన్ని పట్టించుకోవాల్సిన పని పడలేదు.

మొన్న వానాకాలంలో లారీల గేటు దగ్గర ఎనిమిదోది పెట్టించాం. అది వెలగలేదు. "అన్నా, స్విచ్ పోయింది, కొత్తది తెప్పించు" అన్నాడు వైరింగ్ చేసిన కుర్రాడు. నేను పోర్టు లైటు వైపు చూశాను. అది రెండు క్షణాలు వెలిగి ఆరిపోతోంది, మళ్లీ వెలుగుతోంది. అసలు వెలగకపోతే స్విచ్ అవతల ఉన్నది పీవోఈ కెమెరా అని గుర్తుపట్టలేదన్నమాట: వైరు తెగి ఉండొచ్చు, క్రింపింగ్ తప్పయి ఉండొచ్చు. వెలిగి ఆరుతోందంటే గుర్తుపట్టింది, కరెంటు ఇచ్చింది, లోడు పడేసరికి ఎక్కడో నిలవలేకపోతోంది.

కెమెరాను దింపి, స్విచ్ గదిలోనే ఒక మీటరు ప్యాచ్ కార్డుతో అదే పోర్టుకు పెట్టాం. నిమిషంలో బొమ్మ వచ్చింది. అంటే కెమెరా మంచిదే, పోర్టు మంచిదే, మిగిలింది కేబులు.

గేటు దాకా 84 మీటర్లు. వంద మీటర్ల హద్దు లోపలే ఉన్నాం కాబట్టి దూరం తప్పు కాదు. అయినా కుర్రాడు స్విచ్ మీది ఎక్స్‌టెండ్ బటన్ నొక్కి చూశాడు. అది వేగాన్ని 10 ఎంబీపీఎస్‌కు తగ్గించి డేటాను ఇంకా దూరం పంపిస్తుంది గానీ, తీగలో పోయే వోల్టేజీని వెనక్కి తేలేదు. ఏమీ మారలేదు.

తర్వాత రెండు కొసలూ ఊడదీసి, గేటు దగ్గర నారింజ జత రెండు తీగలనూ కలిపి మెలేయించాను. ఇటు కొసన మల్టీమీటరు ఓమ్స్‌లో పెట్టాను. మంచి రాగి క్యాట్5ఈ అయితే 84 మీటర్లకు పద్నాలుగు, పదిహేను రావాలి. నాకు 24 వచ్చింది. బ్లేడుతో తీగ గీకితే లోపల తెల్లగా కనిపించింది: రాగి పూత పూసిన అల్యూమినియం. కేబులు డబ్బాకు రాగి ధర కట్టాను మరి! అయితే 24 ఓములకే కెమెరా ఆగిపోదు. అసలు దొంగ పచ్చ జతలో దొరికాడు. అక్కడ 40 చూపిస్తుంది, కేబులు కదిపితే 90కి పోతుంది. వెతుక్కుంటూ పోతే కాటా గది వెనకాల పైపులో మెలేసి టేపు చుట్టిన అతుకు, నీళ్లు దిగి పచ్చగా చిలుము పట్టింది. మీటరు పంపేది చిటికెడు కరెంటు, దానికి ఆ అతుకు తట్టుకుంటుంది. కెమెరా లాగేసరికి వోల్టేజీ అంతా అక్కడే పడిపోతోంది.

అతుకు లేకుండా అచ్చ రాగి కేబులు ఒకే ముక్కగా లాగించాం. 14.5 ఓములు. మధ్యాహ్నం బొమ్మ వచ్చింది, అందరం టీ తాగాం. సాయంత్రం ఆరున్నరకు గేటు కెమెరా మళ్లీ ఆరిపోయింది.

ఈసారి తప్పు నాదే. చీకటి పడగానే అన్ని కెమెరాల ఇన్‌ఫ్రారెడ్ లైట్లూ ఒక్కసారి వెలుగుతాయి. ఐదు బుల్లెట్ కెమెరాలు పగలు నాలుగేసి వాట్లు, రాత్రి ఏడేసి, అంటే 35. డోము 5, యార్డులో తిరిగే కెమెరా 14, గేటుది 10. మొత్తం 64. పగలు అదంతా కలిపి 40 కూడా దాటదు. 60 దాటగానే ఈ స్విచ్ పెద్ద నంబరు పోర్టును ముందు వదిలేస్తుంది, గేటుది ఎనిమిదో పోర్టులో ఉంది. యార్డు కెమెరాను తీసేసి చూస్తే గేటుది వెంటనే లేచింది, దాంతో అనుమానం తీరిపోయింది. యార్డు దానికి స్విచ్ మీద ఆధారపడకుండా విడిగా కరెంటు ఇచ్చే 30 వాట్ల ఇంజెక్టర్ పెట్టి, లారీల గేటును ఒకటో పోర్టుకు మార్చాను. ఇప్పుడు రాత్రి లెక్క 50.

ఇదే 60 వాట్లను కొన్ని స్విచ్‌లు ఇంకోలా పంచుతాయి. కెమెరా నిజంగా ఎంత లాగుతుందో చూడకుండా, ఎక్కువలో ఎక్కువ ఎంత లాగొచ్చో చెప్పే దాని పీవోఈ తరగతిని బట్టి 15.4 వాట్లు పక్కన పెట్టేస్తాయి. అలాంటిది కొని ఉంటే నాకు మూడు కెమెరాలకే బడ్జెట్ అయిపోయేది. ఆ విషయంలో దీనికి మంచి మార్కులే వేస్తాను. నాకు నచ్చనిది ఒకటే: ఏ పోర్టు ఎన్ని వాట్లు లాగుతోందో చూపించే పేజీ లేదు, లైట్లే దిక్కు. ఇంకో రెండు వేలు పెట్టి అది ఉన్నది కొనుంటే ఆ సాయంత్రం నిచ్చెన ఎక్కే పనుండేది కాదు.