పదాల జాబితా బట్టీ పట్టాలా, ఎడం ఇచ్చి గుర్తుచేసుకోవాలా: ఏది మేలు?

కొత్త భాషలో 300 పదాలు నేర్చుకోవాలి, చేతిలో నెల రోజులున్నాయి అనుకుందాం. ఒక దారి అందరికీ అలవాటైనదే: జాబితా ముందు పెట్టుకుని పైనుంచి కిందికి చదవడం, మళ్లీ మొదటికి రావడం, నోటికొచ్చేదాకా వల్లె వేయడం. రెండోది స్పేస్డ్ రెపిటీషన్. ఇందులో ఒక్కో పదం ఒక్కో కార్డు మీద ఉంటుంది. గుర్తున్న పదాన్ని మళ్లీ అడిగే ఎడం పెరుగుతూ పోతుంది, మర్చిపోయిన పదం మర్నాడే తిరిగొస్తుంది.

పరీక్ష రేపే అయితే జాబితాయే నయం, ఎడం ఇవ్వడానికి రోజులే లేవు కదా. పరీక్ష అయ్యాక కూడా ఆ పదాలు కావాలంటే మాత్రం రెండోదే మేలు. కాకపోతే దానికి రోజూ కట్టాల్సిన ఖర్చు ఒకటుంది. ఆ లెక్క ముందే చూసుకోనివాళ్లే సాధారణంగా మధ్యలో వదిలేస్తారు.

జాబితాతో వచ్చే చిక్కు ఏమిటంటే, పదం పక్కనే అర్థం కనిపిస్తూ ఉంటుంది. చూడగానే 'ఇది నాకు తెలుసు' అనిపిస్తుంది. చూసి పోల్చుకోవడం వేరు, చూడకుండా తెచ్చుకోవడం వేరు. దానికి తోడు వరస కూడా సాయం చేస్తుంది. పద్నాలుగో పదం చదవగానే పదిహేనోది దానంతటదే నోటికొస్తుంది. మీ సంగతేమిటో తేల్చుకోవాలంటే అర్థాలను కాగితంతో మూసి, పదాలను వరస తప్పించి ఎవరితోనైనా అడిగించుకోండి. నిన్న గడగడా వచ్చిన జాబితాలో ఎన్ని మిగిలాయో వెంటనే తెలిసిపోతుంది.

ఈ భ్రమ ఎంత గట్టిదో 2008లో కార్పికి, రోడిగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తల ప్రయోగంలో బయటపడింది. విద్యార్థులకు 40 స్వాహిలి పదాలు, వాటి ఇంగ్లిష్ అర్థాలు నేర్పారు. ఒకసారి సరిగ్గా చెప్పిన పదాన్ని కూడా కొందరిని మళ్లీ మళ్లీ అడిగారు. ఇంకొందరిని ఇక అడగలేదు, చదవడం మాత్రం కొనసాగించమన్నారు. వారం తర్వాత మొదటివాళ్లకు సుమారు 80 శాతం గుర్తున్నాయి, రెండోవాళ్లకు మూడో వంతుకు కాస్త అటూ ఇటుగా. అసలు విశేషం ఇంకోటి. వారం తర్వాత ఎన్ని గుర్తుంటాయని ముందే అడిగితే, రెండు గుంపులవాళ్లూ దాదాపు సగం అనే చెప్పారు. అంటే చదువుతున్నప్పుడు కలిగే ధీమాను నమ్మి పద్ధతి ఎంచుకుంటే పొరపడతాం.

ఇప్పుడు కార్డుల పద్ధతి దగ్గరనుంచి చూద్దాం. జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన పెట్టె పద్ధతికి ఫోన్ కూడా అక్కర్లేదు, అయిదు గదులున్న పెట్టె చాలు. మొదటి గదిలో కార్డులను రోజూ అడుగుతాం. రెండో గదిలోవాటిని రెండు రోజుల తర్వాత, మూడో గదిలోవాటిని నాలుగు, నాలుగో గదిలోవాటిని ఎనిమిది, అయిదో గదిలోవాటిని పదహారు రోజుల తర్వాత. సరిగ్గా చెబితే కార్డు ఒక గది ముందుకు, తప్పితే ఎక్కడున్నా సరే మొదటి గదికి.

ఉదాహరణకు ఇంగ్లిష్ పదం 'రెలక్టెంట్' తీసుకోండి. ఒకటో తేదీన కార్డు రాశాం. 2న అడిగితే 'ఇష్టం లేక వెనకాడే' అని వచ్చింది, రెండో గదికి వెళ్లింది. 4న కూడా వచ్చింది, మూడో గది. 8న ఎంత తన్నుకున్నా రాలేదు, మళ్లీ మొదటి గది. 9న, 11న వచ్చింది, మళ్లీ 15న అడుగుతాం. తడబడకుండా సాగిన పదాన్నయితే 2, 4, 8, 16 తేదీల్లో, అంటే నాలుగుసార్లే ఆ నెలలో అడుగుతాం. ఆ మిగిలిన సమయమంతా మొండి పదాలకు పోతుంది. జాబితా చదివేటప్పుడు వచ్చిన పదానికీ రాని పదానికీ ఒకే సమయం పడుతుంది, శ్రమంతా వృథా అయ్యేది అక్కడే.

ఇక ఖర్చు సంగతి. 300 పదాలను 30 రోజులకు పంచి రోజుకు పది వేసుకుంటే లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ 29వ రోజున రాసిన కార్డును పరీక్షకు ముందు ఒక్కసారే అడగగలం. కాబట్టి రోజుకు 15 చొప్పున 20వ రోజుకే కొత్త పదాలు ముగించాలి. అప్పుడు చివర వచ్చిన పదాలకు కూడా 21, 23, 27 రోజుల్లో మూడు అవకాశాలు దొరుకుతాయి. మూడో వారానికొచ్చేసరికి రోజూ 15 కొత్తవి, 60 దాకా పాతవి, వాటి మీద తప్పి వెనక్కొచ్చినవి. కార్డుకు 8 సెకన్లు వేసుకున్నా పది నిమిషాలు దాటుతుంది. పెద్ద భారమేమీ కాదు, కానీ రోజూ ఉంటుంది. నాలుగు రోజులు మానేశారా, రెండు వందలకు పైగా కార్డులు పోగుపడి కూర్చుంటాయి. ఆ గుట్ట చూసి చాలామంది పెట్టె మూసేస్తారు. అలాంటప్పుడు గుట్ట తరిగేదాకా కొత్త పదాలు ఆపేయాలి, పాతవాటిని రోజుకు ఇన్నని తీర్చుకోవాలి. ఈ ఒక్క విషయంలో జాబితాదే పైచేయి: వారం ముట్టుకోకపోయినా అది మిమ్మల్ని ఏమీ అనదు.

ఎడం ఎంత పెంచవచ్చు? మనస్తత్వ శాస్త్రవేత్త హ్యారీ బారిక్, ఆయన కుటుంబంలో మరో ముగ్గురు తమ మీదే ఏళ్ల తరబడి చేసుకున్న ప్రయోగం ఒకటుంది, ఫలితాలు 1993లో వచ్చాయి. తలా 300 విదేశీ పదాలు నేర్చుకున్నారు. 14 రోజులకోసారి 26 సార్లు చూసుకున్న పదాలూ, 56 రోజులకోసారి 13 సార్లే చూసుకున్న పదాలూ ఏళ్ల తర్వాత దాదాపు సమానంగా గుర్తున్నాయి. సగం శ్రమకే అదే ఫలితం అన్నమాట. కానీ ఎడం ఎక్కువైనప్పుడు నేర్చుకోవడం నెమ్మదిగా సాగింది, ప్రతిసారీ మర్చిపోయినవి ఎక్కువ కనిపించాయి. కార్డులతో కూర్చుంటే 'నాకేమీ రావట్లేదు' అన్న టెన్షన్ రావడానికి కారణం ఇదే.

పెట్టె వాడాలా, యాంకీలాంటి యాప్ వాడాలా అన్నది చిన్న ప్రశ్న. కార్డులు రెండు మూడు వందలు దాటితే తేదీల లెక్క చేత్తో చూసుకోవడం విసుగు, యాప్ నయం. అంతకు లోపైతే ఏదైనా ఒకటే.

యాప్ అయినా పెట్టె అయినా, ఎన్నిసార్లు అడిగినా తప్పే కార్డులు కొన్ని మిగులుతాయి. యాంకీ వాటికి లీచ్ అని ముద్ర వేస్తుంది. చాలాసార్లు ఇవి జంటలుగా ఉంటాయి: 'అఫెక్ట్', 'ఎఫెక్ట్' లాంటివి ఒకే రోజు మొదలుపెడితే ఒకదాని అర్థం ఇంకోదానికి తగులుకుంటుంది. ఎన్నిసార్లు అడిగినా లాభముండదు. ఒకదాన్ని కొన్ని వారాలు పక్కన పెట్టి, రెండోది స్థిరపడ్డాక తేవాలి. లేదా కార్డును చింపేసి, పదాన్ని ఒక చిన్న వాక్యంలో పెట్టి కొత్తగా రాయాలి. జాబితాను ఉన్నదున్నట్టు కార్డుల్లోకి ఎక్కించేస్తే ఈ చిక్కు మరీ ఎక్కువ, ఎందుకంటే జాబితాల్లో ఒకేలాంటి పదాలను పక్కపక్కనే ఇస్తారు.

కార్డు ఎటువైపు నుంచి అడుగుతున్నామన్నది కూడా చూసుకోవాలి. పరభాషా పదం చూసి తెలుగు అర్థం చెప్పడం అలవాటైతే చదవడానికి పనికొస్తుంది, మాట్లాడేటప్పుడు ఆ పదం నోటికి రాదు. మాట్లాడాలంటే తెలుగు వైపు చూసి అవతలి పదం చెప్పే కార్డులు వేరే కావాలి. రెండు వైపులా పెట్టుకుంటే రోజువారీ కార్డులు రెట్టింపవుతాయి గనుక, కొత్త పదాలను 15 నుంచి ఏడెనిమిదికి తగ్గించుకోవాల్సి వస్తుంది.