నల్లగొండ మిత్రులారా, గ్రౌండ్ దగ్గర అమ్మే కలబంద రసంతో జాగ్రత్త

తెల్లవారుజామున గ్రౌండ్‌కు నడకకు వెళ్లే వారందరికీ గేటు పక్కన ఆకుపచ్చ డబ్బాలు పెట్టుకుని రసాలు అమ్మే ఆయన తెలిసే ఉంటాడు కనుక ఆయన గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఆయన దగ్గర కొన్న కలబంద రసం నాలుగు నెలలు తాగి, మా అమ్మ పోయిన గురువారం రాత్రి బాత్రూం గుమ్మం దగ్గర కూలిపోయింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి నిన్ననే ఇంటికి వచ్చింది. ఆ రసాన్ని లీటరు 400 రూపాయలకు కొని, ప్రతి పది రోజులకు ఒక సీసా చొప్పున స్వయంగా ఇంటికి మోసుకొచ్చింది నేనే. ఆ బాధ నన్ను ఇంకా వదలడం లేదు.

అమ్మకు 64 ఏళ్లు. ఆమెకు బీపీ ఉంది, చాలా కాలంగా మలబద్ధకం కూడా ఉంది. సంక్రాంతి తర్వాత ఈ రసం మొదలుపెట్టాము. రోజూ పరగడుపున చిన్న కప్పు, అంటే సుమారు 30 మిల్లీలీటర్లు తాగమని అమ్మేవాడు చెప్పాడు. మొదటి వారంలోనే కడుపు తేలికైందని అమ్మ సంతోషించింది. రెండో నెలకు అదే కప్పు పనిచేయడం మానేసింది. ఆ సంగతి చెబితే "రాత్రి పండుకునే ముందు ఇంకో కప్పు తాగమనండి సార్, పేగులల్ల ఉన్న చెత్తంత పోతది" అన్నాడు. అలాగే చేశాము. రాత్రి తాగితే తెల్లవారేసరికి రెండు మూడుసార్లు నీళ్లలా విరేచనం అయ్యేది. లోపలి మురికి పోతోందని మేమంతా నమ్మాము.

ఏప్రిల్ చివరి నుంచి అమ్మ కాళ్ల పిక్కలు పట్టుకుపోవడం మొదలైంది. మెట్లెక్కలేకపోయేది, బిందె ఎత్తలేకపోయేది. అమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు. ఆ నీళ్లు తాగి పెరిగిన వాళ్లకు కాళ్లు, కీళ్లు నొప్పి అంటే మన జిల్లాలో మొదట గుర్తొచ్చేది ఫ్లోరైడే. నేనూ అదే అనుకుని నొప్పి తైలం తెచ్చి ఊరుకున్నాను. అయితే ఫ్లోరైడ్ నొప్పి ఏళ్ల తరబడి మెల్లగా ఎముకల్లో, కీళ్లలో బిగుసుకుంటుంది. అమ్మకు వచ్చినది మూడు నాలుగు వారాల్లో కండరాల్లో సత్తువ పడిపోవడం. ఆ తేడాను నేను గమనించి ఉండవలసింది.

ఆసుపత్రిలో డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి "నాటు మందులు, ఆకు మందులు ఏమైనా వాడుతున్నారా?" అని. లేదని చెప్పాను. రసాన్ని నేను మందుగా లెక్కించనే లేదు. గంట తర్వాత రక్తపరీక్ష వచ్చింది. రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండవలసి ఉండగా అమ్మకు 2.6 ఉంది. ఈసీజీలో కూడా గుండె విద్యుత్తు గీతలు మారి కనిపించాయి. అప్పుడు ఆయన మళ్లీ అడిగారు: "విరేచనాలు అవుతున్నాయా? దేనివల్ల?" అప్పుడు చెప్పాను. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకుని, అమ్మ వాడే బీపీ మాత్రల పట్టీ అడిగి తీసుకుని వెనుక వైపు చదివారు. అందులో హైడ్రోక్లోరోథయాజైడ్ అనే మందు కలిసి ఉంది. అది మూత్రం ద్వారా నీటిని, ఉప్పును, వాటితోపాటు పొటాషియాన్ని బయటకు పంపే మందు. పైనుంచి మాత్ర, కింద నుంచి రసం, రెండూ కలిసి నాలుగు నెలలుగా అమ్మ ఒంట్లోని పొటాషియాన్ని తోడేశాయి. ఎండాకాలపు చెమట దానికి తోడైంది. పొటాషియం తగ్గితే ముందు కండరాలు సడలుతాయి, తర్వాత గుండె లయ తప్పుతుంది. గుండె జబ్బుకు డిగాక్సిన్ వాడేవారైతే ఇంత దూరం రాకముందే ప్రాణం మీదకు వచ్చేదని ఆయన అన్నారు. సెలైన్‌లో పొటాషియం కలిపి, మానిటర్ చూస్తూ, చాలా మెల్లగా ఎక్కించారు. బీపీ మాత్ర మార్చారు.

కలబందలో ఇంత పని చేసేది ఏమిటని అడిగితే ఆయన ఓపికగా చెప్పారు. ఆ మాటలను నాకు అర్థమైనంత వరకు రాస్తాను. కలబంద ఆకులో రెండు వేరువేరు పదార్థాలు ఉంటాయి. మధ్యలో ఉండే తెల్లని, పారదర్శకమైన గుజ్జు చాలావరకు నీరే, అది విరేచనకారి కాదు. ఆ గుజ్జుకు, పై తొక్కకు మధ్య సన్నని పొరలో పసుపు పచ్చని చేదు సొన ఉంటుంది. ఆకు కోయగానే అంచున కారేది అదే. అందులో అలోయిన్ అనే పదార్థం ఉంటుంది. అది కడుపులో, చిన్నపేగులో ఏమీ చేయకుండా పెద్దపేగుదాకా పోతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టినప్పుడు పుట్టే పదార్థం పేగు గోడను రెచ్చగొట్టి వేగంగా కదిలిస్తుంది, పేగు నీటిని తిరిగి పీల్చుకోకుండా అడ్డుకుంటుంది. అందుకే తాగిన ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత గానీ దాని ప్రభావం తెలియదు. ఆ నీటితోనే పొటాషియం కూడా పోతుంది. బయటికి పోతున్నది మురికి అని మేము సంతోషించిన రోజుల్లో పోయినది అది.

ఇంకొక మాట కూడా చెప్పారు. ఇలా పెద్దపేగు మొత్తం ఖాళీ అయ్యాక, అది మళ్లీ నిండడానికి సహజంగానే రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులు విరేచనం కాకపోతే మలబద్ధకం తిరగబెట్టిందని భయపడి మళ్లీ తాగుతారు. వాడేకొద్దీ మోతాదు పెంచవలసి వస్తుంది. అమ్మ ఒక కప్పు నుంచి రెండు కప్పులకు వెళ్లినది ఈ దారిలోనే. వైద్యంలో ఈ జాతి విరేచన మందులను ఒకటి రెండు వారాలకు మించి వాడవద్దని అంటారట. అమ్మ వాడినది పదహారు వారాలు.

ఈ ఎండిన సొననే మన మూలికల దుకాణాల్లో ముసాంబరం అని అమ్ముతారని డాక్టర్ గారు అనగానే, మంచం మీద ఉన్న అమ్మ తల తిప్పి చూసింది. మా చెల్లెలికి పాలు మాన్పించడానికి రొమ్ముకు రాసుకున్నది ఆ ముసాంబరమే. "ముసాంబరం అని తెలిస్తే ముట్టకపోదును గద బిడ్డా" అంది. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు.

నేను ఈ రాత రాయడానికి అసలు కారణం మొన్న ఉదయం జరిగినది. అమ్మ ఇంకా ఆసుపత్రిలో ఉండగానే నేను గ్రౌండ్ దగ్గరికి వెళ్లాను. ఆయన మామూలుగా డబ్బాల ముందు కూర్చుంటాడు, ఆ రోజు వెనుక ఆటోలో రసం తీస్తున్నాడు. బకెట్ నిండా ఆకులు ఉన్నాయి. కత్తితో రెండు అంచుల ముళ్లు మాత్రం చెక్కి, ఆకును తొక్కతో సహా ముక్కలు చేసి మిక్సీలో వేస్తున్నాడు. పీట మీద పసుపు సొన చారలు కట్టి ఉంది, ఆ చారలను కూడా చేత్తో ఊడ్చి మిక్సీలోకే వేశాడు. నేను అమ్మ సంగతి ఏమీ చెప్పకుండా "ఈ పసుపు సొన కార్చి పారబోయరా?" అని అడిగాను. నన్ను పాత కొనుగోలుదారుగా గుర్తుపట్టి, నవ్వుతూ, ఎంతో నమ్మకంగా చెప్పాడు: "అది తీస్తే మోషన్ ఎట్ల వస్తది సార్? మోషన్ రాకపోతే మళ్ల ఎవరు కొంటరు?"

ఆయనకు తెలుసు. తెలియక చేసి ఉంటే నేను ఇంత బాధపడేవాడిని కాను. ఏ భాగం పేగులను కదిలిస్తుందో తెలిసి, ఆ భాగాన్ని సరుకు అమ్ముడుపోవడానికి కావాలనే ఉంచుతున్నాడు. సీసా మీద మాత్రం "మందు కాదు, స్వచ్ఛమైన ఆకు రసం" అని రాసి అమ్ముతున్నాడు. ఇన్ని నెలల్లో బీపీ మాత్రలు వాడుతున్నారా అని ఒక్కసారీ అడగలేదు. అప్పుడు అమ్మ రక్తపరీక్ష కాగితం ఆయన చేతిలో పెట్టాను. చూడలేదు. "పెద్దమనిషి గద సార్, వయసైనంక కాళ్లు గుంజుతయి, మా సరుకును ఎందుకు అంటరు" అని కాగితాన్ని మడిచి తిరిగి ఇచ్చి, పక్కన నిలబడిన ఒక గర్భిణికి కప్పు అందించబోయాడు. గర్భంతో ఉన్నవారు ఈ సొన అసలే తీసుకోకూడదు. నేను ఆమెకు చెప్పి ఆపించాను. ఆయన నన్ను అరిచి అక్కడి నుంచి పంపించాడు.

నాలుగు నెలలకే ఇలా అయితే ఏళ్ల తరబడి తాగేవారి సంగతి ఏమిటని ఇంటికి వచ్చి చదివాను. ఇలాంటి విరేచన మందులను నెలల తరబడి వాడితే పెద్దపేగు లోపలి పొర నల్లబడుతుంది, మానేశాక మెల్లగా మామూలవుతుంది. అమెరికాలో సొన తీయని, శుద్ధి చేయని పూర్తి ఆకు రసాన్ని రెండేళ్లపాటు తాగునీటిలో కలిపి ఎలుకలకు ఇచ్చినప్పుడు వాటి పెద్దపేగులో కంతులు వచ్చాయి, వాటిలో క్యాన్సర్ కంతులూ ఉన్నాయి. అది ఎలుకల్లో చూసినది, మనుషుల్లో అలా జరుగుతుందని తేలలేదు. అయినా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ పూర్తి ఆకు సారాన్ని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో, 2బి వర్గంలో చేర్చింది. విరేచన మందుగా దుకాణాల్లో అమ్మడానికి తగిన భద్రతా ఆధారాలు కంపెనీలు ఇవ్వలేదని అమెరికా ప్రభుత్వం 2002లోనే అలాంటి కలబంద మందులను పక్కన పెట్టింది. సొన తీసేసి, బొగ్గు వడపోతతో శుద్ధి చేసిన రసం వేరు, దానిలో అలోయిన్ పది లక్షల భాగాల్లో 10 భాగాలకు మించకూడదని కలబంద పరిశ్రమ వారే హద్దు పెట్టుకున్నారు. రోడ్డు పక్కన మిక్సీలో ఆడించిన రసంలో ఎంత ఉందో ఎవరూ కొలవరు.

ఇంట్లో ఎవరైనా ఈ రసం తాగుతుంటే ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడండి. గట్టి చేదు తగిలినా, రంగు పసుపు వైపు తిరిగినా, తాగిన మరుసటి ఉదయం నీళ్ల విరేచనాలు అవుతున్నా అందులో సొన ఉన్నట్టే. చేదు లేనంత మాత్రాన సొన లేదని మాత్రం నమ్మవద్దు, తేనె, నిమ్మకాయ కలిపి చేదును కప్పేస్తారు. బీపీ మాత్రల పట్టీ వెనుక పేరు చదివి, నీరు పోయే మందు ఏదైనా ఉంటే, లేదా గుండెకు, షుగరుకు మాత్రలు వాడుతుంటే, రసం ఆపి డాక్టరుకు చెప్పి పొటాషియం పరీక్ష చేయించండి. మానేసిన మొదటి రెండు మూడు రోజులు విరేచనం కాకపోతే కంగారుపడి మళ్లీ తాగించవద్దు. అమ్మకు ఇప్పుడు రాత్రిపూట ఇసబ్గోల్, ఎక్కువ నీళ్లు ఇస్తున్నాము. ఈరోజు పొటాషియం 3.7 వచ్చింది. మెట్లు ఎక్కడానికి ఇంకా గోడ పట్టుకుంటోంది.