లాజిక్ గ్రిడ్ పజిల్‌ని శాట్‌లో రాయడం: ఒక్క ఆధారం చాలా, అన్ని గళ్లూ కావాలా?

బెజవాడ, గుంటూరు కాలేజీల్లో చదివే పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. శాట్ సాల్వర్ ఎలా పనిచేస్తుందో వాళ్లకు తెలుసు, క్లాజు అంటే ఏమిటో తెలుసు. అసలు వేరియబుల్ దేనికి పెట్టాలన్న దగ్గరే ఆగిపోతున్నారు. ఒక చిన్న పజిల్ తీసుకుని చూద్దాం.

రమ, సత్య, భాను, గోపి విజయవాడలో గుంటూరు బస్సెక్కారు. ఒక్కొక్కరు ఒక్కో స్టాపులో దిగారు. దారి వరసలో అవి తాడేపల్లి, మంగళగిరి, పెదకాకాని, గుంటూరు. పునుగులు, పెసరట్టు, మినపట్టు, ఇడ్లీలలో తలా ఒకటి కొనుక్కుని ఎక్కారు. క్లూలు ఇవి:

1. రమ, సత్యలలో ఒకరు పునుగులు కొన్నారు, రెండోవారు మంగళగిరిలో దిగారు.
2. మినపట్టు కొన్నవారు భాను కంటే సరిగ్గా ఒక స్టాపు ముందు దిగారు.
3. గోపి ఇడ్లీ కొనలేదు.
4. గుంటూరులో దిగినవారు ఇడ్లీ కొన్నారు.
5. సత్య కంటే రమ ముందు దిగింది.

మొదటి పద్ధతిలో ఒక వర్గాన్ని ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దానికే కడతాం. వరస ఉన్నది స్టాపులకే కాబట్టి ఎక్కువమంది వాటినే ఆధారం చేసుకుంటారు. ‘రమ మంగళగిరిలో దిగింది’ ఒక వేరియబుల్, ‘ఇడ్లీ గుంటూరులో దిగింది’ ఇంకొకటి. రెండు గ్రిడ్లు, 32 వేరియబుల్స్. ప్రతి గ్రిడ్‌లో అడ్డంగానూ నిలువుగానూ సరిగ్గా ఒక్కటే నిజమవ్వాలి. దానికి గ్రిడ్‌కి 56 క్లాజులు, మొత్తం 112. ‘రమ ఏం కొంది’ అనేదానికి ఇందులో వేరియబుల్ లేదు.

రెండో పద్ధతిలో కాగితం మీద గీసుకునే గ్రిడ్‌నే దించేస్తాం. మనిషి-స్టాపు, స్టాపు-తిండి, మనిషి-తిండి అని మూడు గ్రిడ్లు, 48 వేరియబుల్స్, 168 క్లాజులు. పైగా ఈ మూడు గ్రిడ్లూ ఒకదానికొకటి పొంతన కుదరాలి. రమ తాడేపల్లిలో దిగి, తాడేపల్లిలో దిగినవారు పునుగులు కొని ఉంటే, రమ పునుగులు కొన్నట్టే. ఇదే ట్రాన్సిటివిటీ. పైథాన్‌లో పైసాట్ లైబ్రరీతో ఇలా రాస్తాం. P, S, F అంటే మనుషులు, స్టాపులు, తిండి; `v` రెండు పేర్ల గడికి వేరియబుల్ నంబరు ఇస్తుంది; `sol` మన సాల్వర్.

```python
for p, s, f in product(P, S, F):
    a, b, c = v(p, s), v(s, f), v(p, f)
    sol.add_clause([-a, -b, c])
    sol.add_clause([-a, -c, b])
    sol.add_clause([-b, -c, a])
```

64 మనిషి-స్టాపు-తిండి కలయికలకు మూడేసి చొప్పున 192 క్లాజులు అదనం. నిజానికి వీటిలో మొదటి రకం ఒక్కటే పెట్టినా జవాబు సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే మిగతా పని ‘సరిగ్గా ఒక్కటి’ అన్న నియమమే చేసేస్తుంది. మూడూ పెడితే సాల్వర్ తొందరగా కొట్టివేతలు చేసుకుంటుంది, అంతే.

లెక్క చూస్తే మొదటి పద్ధతే చవక. ఒక్కో ఇంటికీ రంగు, దేశం, పెంపుడు జంతువు లాంటి ఐదు విషయాలు తేల్చే ఐదిళ్ల జీబ్రా పజిల్‌కి తేడా ఇంకా పెద్దది: ఆధారం పద్ధతిలో 125 వేరియబుల్స్, అన్ని గళ్లూ పెడితే 375, ట్రాన్సిటివిటీకే 7500 క్లాజులు. అయినా ఈ సంఖ్యలు చూసి నిర్ణయించుకోవద్దంటాను. ఈ సైజు పజిల్‌ని ఇప్పటి సాల్వర్లు రెండు రకాలుగానూ కళ్లు మూసి తెరిచేలోగా తేలుస్తాయి.

నా దృష్టిలో తేల్చేది క్లూ. గ్రిడ్ నియమాలు లూపులో ఒక్కసారి రాస్తే ఏ పజిల్‌కైనా అవే. క్లూలు మాత్రం ప్రతిసారీ మనం చేత్తో రాయాలి, తప్పులు దొర్లేదీ అక్కడే. మొదటి క్లూ అన్ని గళ్ల పద్ధతిలో ఇలా ఉంటుంది:

```
 రమ-పునుగులు ∨  సత్య-పునుగులు
 రమ-మంగళగిరి ∨  సత్య-మంగళగిరి
¬రమ-పునుగులు ∨ ¬రమ-మంగళగిరి
¬సత్య-పునుగులు ∨ ¬సత్య-మంగళగిరి
```

చదివితే క్లూ చదివినట్టే ఉంది. ఇదే స్టాపుల ఆధారంతో రాయాలంటే ‘రమ-పునుగులు’ అనే వేరియబులే లేదు కదా. మంగళగిరిలో దిగింది ఇద్దరిలో ఒకరని ఒక క్లాజు, పునుగులు మంగళగిరిలో దిగలేదని ఒకటి రాయాలి. ఆ తర్వాత రమ మంగళగిరిలో దిగితే సత్య ఏ స్టాపులో దిగిందో పునుగులూ అక్కడే దిగాలని నాలుగు స్టాపులకు నాలుగు, పేర్లు తారుమారు చేసి ఇంకో నాలుగు. మొత్తం పది. తప్పేమీ లేదు గానీ, వారం తర్వాత ఆ పదీ చూసి ఇది ఏ క్లూనో చెప్పమంటే తడబడతారు. మూడో క్లూ కూడా అంతే. అక్కడ ఒక్క `[-v(గోపి, ఇడ్లీ)]` తో అయిపోయేది, ఇక్కడ స్టాపుకొకటి చొప్పున నాలుగవుతుంది.

మనుషుల్ని ఆధారం చేసుకోవచ్చుగా అంటారు. చేసుకోవచ్చు, అప్పుడు ఒకటో క్లూ, మూడో క్లూ తేలికవుతాయి. కానీ స్టాపుకీ తిండికీ ముడిపెట్టే నాలుగోది, మినపట్టు స్టాపు కావాల్సిన రెండోది మెలికపడతాయి. ఏ ఆధారం పట్టుకున్నా ఏదో ఒక క్లూ బయట మిగిలిపోతుంది. చివరికి విసుగొచ్చి ‘రమ-పునుగులు’ కోసం అదనపు వేరియబుల్ పెట్టుకుంటారు. అలా నాలుగైదు పెట్టేసరికి మూడో గ్రిడ్‌లో సగం తయారైపోతుంది.

రెండు, ఐదు లాంటి వరస క్లూలకు రెండు పద్ధతుల్లోనూ ఒకే క్లాజులు, ఎందుకంటే స్టాపుల గ్రిడ్లు రెండింటిలోనూ ఉన్నాయి. జీబ్రా పజిల్ క్లూలు దాదాపు అన్నీ ‘ఇదీ అదీ ఒకే ఇల్లు’, ‘పక్క ఇల్లు’ తరహావే. అలాంటిదానికి ఆధారం పద్ధతే హాయి, నేనూ అదే రాస్తాను. ‘ఇద్దరిలో ఒకరు ఇది, రెండోవారు అది’ అనే క్లూ ఒక్కటి కనిపించినా అన్ని గళ్లకు మారిపోతాను.

అన్ని గళ్ల పద్ధతికి ఒక ప్రమాదం ఉంది: ట్రాన్సిటివిటీ మరిచిపోతే సాల్వర్ ఏమీ అనదు, జవాబు ఇచ్చేస్తుంది. మన పజిల్‌లోనే భాను గుంటూరులో దిగాడని, గుంటూరులో దిగినవారు ఇడ్లీ కొన్నారని, భాను మాత్రం మినపట్టు కొన్నాడని రావచ్చు. ఐదు క్లూలూ విడివిడిగా నెగ్గుతాయి, కథ మాత్రం కుదరదు. దీన్ని ముందే పట్టుకోవచ్చు. క్లూలేవీ వేయకుండా గ్రిడ్ నియమాలతోనే ఎన్ని జవాబులున్నాయో లెక్కపెట్టండి:

```python
print(sum(1 for _ in sol.enum_models()))
```

24 × 24, అంటే 576 రావాలి. 13824 వస్తే మూడు గ్రిడ్లూ ఎవరి దారిన అవి పోతున్నట్టు. లెక్కపెట్టాక అదే సాల్వర్‌ని వాడొద్దు. పైసాట్ ఈ లెక్కలో ఒక్కో జవాబునీ అడ్డుకునే క్లాజు వేసుకుంటూ పోతుంది కాబట్టి, తర్వాత ఏది అడిగినా జవాబు లేదంటుంది. పెద్ద పజిల్‌కి ఈ లెక్క కుదరదు, కోడ్ అదే ఉంచి మూడేసి పేర్లతో చూస్తే 36 రావాలి.

ఇవి కాక ఇంకో రెండు పద్ధతులున్నాయి. స్టాపు నంబరుని బిట్లలో రాసే బైనరీ పద్ధతి వేరియబుల్స్‌ని బాగా తగ్గిస్తుంది, క్లూలను మాత్రం చదవలేకుండా చేస్తుంది. ‘ఫలానా స్టాపులోపే దిగారు’ అని వేరియబుల్ పెట్టే ఆర్డర్ పద్ధతి పొడుగాటి వరసలకు బాగుంటుంది. నాలుగు స్టాపులకు అక్కర్లేదు.

ఏ పద్ధతిలో రాసినా, జవాబు ఒక్కటేనా అన్నది చూడటం మరవొద్దు. మన పజిల్‌కి రమ తాడేపల్లిలో పునుగులతో, సత్య మంగళగిరిలో పెసరట్టుతో, గోపి పెదకాకానిలో మినపట్టుతో, భాను గుంటూరులో ఇడ్లీతో దిగుతారు. ఈ జవాబుని అడ్డుకునే క్లాజు వేసి మళ్లీ అడిగితే సాల్వర్ లేదనాలి. ఐదో క్లూ తీసేసి చూడండి, రమ, సత్య తారుమారై రెండో జవాబు వస్తుంది.