కాన్పులో కోత మేలా, తనంత తానే చిరిగితే మేలా?

దేవరకొండ దగ్గరి ఊరి నుంచి వచ్చిన అమ్మాయి, తొలి కాన్పు, తొమ్మిదో నెల. వెంట అక్క వచ్చింది. చెకప్ అయిపోయాక లేవకుండా అట్లనే కూర్చుని మెల్లగా అడిగింది: "సిస్టర్, ముందే కోసి కుట్లేస్తే మంచిగుంటది గదా? లేకుంటే ఎట్ల పడితే అట్ల చినుగుతదంట." నల్లగొండ జిల్లాలో ఇన్నేళ్లుగా లేబర్ రూంలో పని చేస్తున్నా, ఈ ప్రశ్న వినని నెల లేదు. కత్తెరతో కోసింది సాఫీగా ఉంటుంది కాబట్టి తొందరగా మానుతుంది అని అందరి నమ్మకం, చదువుకున్నవాళ్లలో కూడా.

నా జవాబు ఒకటే. బిడ్డకు ప్రమాదం లేనప్పుడు, కాన్పు దానంతటదే సాగుతున్నప్పుడు కోత వద్దు. చిరిగితే చిరగనీ, కుట్టుకుందాం. ఎందుకో చెప్తా.

కోత అంటే పైపైన చర్మం కోయడం కాదు. యోనికీ మలద్వారానికీ మధ్య ఉన్న చోట చర్మం, లోపలి పొర, దాని కింది కండరం మూడూ తెగుతాయి. అంటే మేం రెండో డిగ్రీ అని రాసే చిరుగుకి ఎంత లోతుందో అంత లోతు మా చేతులతో మేమే పెడుతున్నట్టు. ఆమెను వదిలేస్తే అసలు చిరగకపోవచ్చు, లేదా చర్మం మాత్రమే గీరుకుపోయి మొదటి డిగ్రీతో ఆగిపోవచ్చు, దానికి చాలాసార్లు కుట్టు కూడా అక్కర్లేదు. "ఎట్లాగూ చినుగుతది" అని ముందే కోస్తే ఆ అవకాశం పోయినట్టే.

ఇంకోటి, కోత పెట్టినంత మాత్రాన చిరుగు ఆగదు. బట్టల షాపులో చూడండి, జాకెట్ గుడ్డ అంచుకి కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులతో లాగితే సర్రున అక్కడి నుంచే చీలుతుంది. తల బయటికి వచ్చేటప్పుడు అదే జరగొచ్చు. అందుకే నడిమధ్య నుంచి నేరుగా కిందికి కోయకూడదు, అట్లా కోస్తే ఆ గీత పోయి పోయి మలద్వారం బిగించే కండరంలోకి దిగుతుంది. కోయాల్సి వస్తే తల బాగా కనిపించి చర్మం పల్చబడ్డాక, మధ్య గీత నుంచి పక్కకి 60 డిగ్రీల వాలులో కోయాలి. చర్మం సాగి ఉన్నప్పుడు 60 అనుకున్నది తల వచ్చేశాక తక్కువకి దిగుతుంది, అందుకే ముందే అంత వాలు పెట్టుకోవాలి. అవసరమైతేనే కోసే పద్ధతిలో, అందరికీ కోసే పద్ధతి కంటే పెద్ద చిరుగులు సుమారు 30 శాతం తక్కువ అని ఎన్నో అధ్యయనాలని కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2017 సమీక్ష తేల్చింది. దానంతటదే అయ్యే కాన్పుల్లో అందరికీ అలవాటుగా కోయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది.

మరి కోత ఎప్పుడు సరైనది? తల కింది దాకా వచ్చి, బిడ్డ గుండె చప్పుడు పడిపోయి లేవకపోతే, ఇంకో పది నిమిషాలు ఆగే వీల్లేకపోతే. తలని పట్టి బయటికి తీసే ఫోర్సెప్స్ పెట్టాల్సి వస్తే, వాక్యూమ్‌కి కూడా, ముఖ్యంగా తొలి కాన్పులో, మంచి వాలుతో పెట్టిన కోత మలద్వారం బిగించే కండరాన్ని కాపాడుతుంది. అప్పుడు కూడా మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, "అమ్మా, కోస్తున్నాం, బిడ్డకు ఇట్లా ఉంది" అని ఆమెకు చెప్పి కోయాలి.

ఆ అక్కకి నాలుగేళ్ల కింద అది జరగలేదు. వేరే చోట కాన్పు. తొలిచూలు అని కోశారు, ఒకామె పైనుంచి కడుపు నొక్కింది, కోసిన సంగతి వార్డుకి వచ్చాక మంట పుడితే తెలిసింది. కడుపు నొక్కడం గురించి గట్టిగా చెప్పాలి. అట్లా తోస్తే తల ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది, చర్మానికి సాగే టైం ఉండదు. చిరుగులు లోతుగా పోవడానికి ముఖ్య కారణాల్లో ఈ తొందర ఒకటి. తొలి కాన్పు, నాలుగు కిలోలు దాటిన బిడ్డ, ముఖం పైకి పెట్టి వచ్చే బిడ్డ, ఇవి మన చేతిలో లేవు. తొందర మన చేతిలో ఉంది.

చెల్లెలి కాన్పులో చేసింది ఇదే. తల కనిపించాక గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డని కింద అద్ది పట్టుకున్నాం, చల్లారగానే మార్చాం. తల సగం వచ్చాక ముక్కడం ఆపి నోటితో ఊపిరి వదలమన్నాం, "ఆవిరి ఊదినట్టు ఊదు బిడ్డా" అంటూ. ఒక చెయ్యి తల మీద, ఒక చెయ్యి కింద ఆనించి మెల్లగా రానిచ్చాం. అయినా చిరిగింది, రెండో డిగ్రీ, చిన్నది. కుట్టే ముందు మలద్వారంలో వేలు పెట్టి ఆ బిగించే కండరం బాగుందా అని చూశాం, కుట్టాక మళ్లీ చూశాం, కుట్టు అటువైపు పోలేదు కదా అని. ఈ చూపు వదిలేస్తేనే ఆ కండరం దాకా పోయిన మూడో డిగ్రీ చిరుగులు రెండో డిగ్రీ అనుకుని కుట్టేస్తారు, ఆరు నెలల తర్వాత ఆమె గాలి ఆపుకోలేక బయటికి రావడం మానేస్తుంది.

మానడం దగ్గరికొస్తే కోతకైనా అంత లోతు చిరుగుకైనా దారి ఒకటే. మొదటి రెండు మూడు రోజులు వాపు, నొప్పి ఎక్కువ. గుడ్డలో చుట్టిన ఐస్‌ని పది నిమిషాలు పెట్టి తీయడం, పారాసిటమాల్. మూత్రం పోసేటప్పుడు మంట ఉంటే చెంబుతో నీళ్లు పోస్తూ పోయాలి, తర్వాత ముందు నుంచి వెనక్కి అద్దుకోవాలి. వారం తర్వాత దురద, బిగుతు, అది మానే లక్షణం. కరిగే కుట్లు కాబట్టి పది పన్నెండు రోజులకి దారం ముక్కలు ప్యాడ్ మీద పడతాయి, కుట్లు ఊడిపోయాయని భయపడి ఫోన్ చేస్తారు. మూడు నాలుగు వారాలకి కూర్చోవడం సులువు, కండరం గట్టిపడడానికి ఆరు వారాలు. లోతు తక్కువైతే ఇదంతా ముందే అయిపోతుంది. అసలు తేడా అక్కడుంది.

మన దగ్గర గాయం కంటే బాలింతని ఎక్కువ ఏడిపించేది మలబద్ధకం. "నీళ్లు తాగితే పొట్ట పెరుగుతది" అని గ్లాసు లెక్కన ఇస్తారు, ఆకుకూర వద్దంటారు, కారం అన్నమే పెడతారు. నాలుగో రోజు గట్టిగా ముక్కితే కుట్ల మీదే భారం పడుతుంది, ఆ భయానికి ఇంకా ఆపుకుంటుంది, ఇంకా గట్టిపడుతుంది. ఆ అక్క ఇట్లానే మూడు వారాలు ఒక పక్కకి ఒరిగి పాలిచ్చింది. చెల్లెలి ఇంట్లో అత్తమ్మతో మాట్లాడి నీళ్లు బాగా ఇమ్మన్నాం, ఆకుకూర, బొప్పాయి పెట్టించాం, విరేచనం సాఫీగా అయ్యే సిరప్ రాయించాం.

తగ్గాల్సిన నొప్పి రోజురోజుకీ పెరిగితే, చెడు వాసన లేదా చీము వస్తే, జ్వరం వస్తే, కుట్లు విడి లోపల ఎర్రగా కనిపిస్తే అదే రోజు రావాలి. గాలిగానీ మలంగానీ ఆపుకోలేకపోతే కాన్పు అయి ఎన్నాళ్లయినా సరే, సిగ్గుపడకుండా చెప్పాలి. మూడో, నాలుగో డిగ్రీ చిరుగుని ఆపరేషన్ థియేటర్లో మత్తిచ్చి కుట్టి, యాంటీబయాటిక్స్ ఇచ్చి, ఆ కండరానికి వ్యాయామాలు నేర్పిస్తే, వాళ్లలో 60 నుంచి 80 శాతం మందికి ఏడాదికల్లా ఏ బాధా ఉండదు.

చెల్లెలు ఆరో వారంలో వచ్చింది. బల్ల మీద సరిగ్గా, రెండు వైపులా సమంగా కూర్చుంది. గీత సన్నగా ఉంది, నొక్కితే నొప్పి లేదు. ఆ రోజు అక్క కూడా వెంట వచ్చింది. నాలుగేళ్లయినా ఎక్కువసేపు కూర్చుంటే తనకి కోసిన చోట గుంజుతుందని చెప్పింది, ఇంతకాలం ఎవరూ అడగలేదంట. ఆమెని డాక్టర్ దగ్గరికి పంపించాను.