ఎంఓఎంలో సహోద్యోగి ఆరోగ్యం సంగతి: తీసేయాలా, గుర్తు పెట్టాలా, మార్చి రాయాలా?

రికార్డ్ అవుతున్న మీటింగ్‌లో ఎవరో, అక్కడ లేని సహోద్యోగి ఆరోగ్యం గురించి మాట్లాడేశారు. ఇప్పుడు ఎంఓఎం, అంటే మీటింగ్‌లో ఏం తేలిందో చెప్పే నోట్స్, రాసి అందరికీ పంపాలి. ఆ ముక్కని ఏం చేయాలి? నోట్స్ పని కొత్తగా నెత్తిన పడ్డవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. మొత్తం ఎగరగొట్టేయడం, పేరు తీసి విషయం ఉంచడం, "ఇక్కడ కొంత తొలగించాం" అని రాయడం, కారణం వదిలేసి పని గురించి మాత్రమే రాయడం అని నాలుగు దారులున్నాయి. నా ఓటు చివరిదానికే, కాకపోతే అది కూడా చాలామంది అనుకున్నంత తేలిక కాదు.

ఒక కేసు పెట్టుకుని చూద్దాం, వివరాలు మార్చి చెప్తున్నా. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ టీమ్. వారం వారం జరిగే కాల్‌లో ఉండేది ఎనిమిది మందే, కానీ ఎంఓఎం క్లయింట్ వైపు వాళ్ళతో కలిపి ఇరవై మందికి పైగా వెళ్తుంది. టెస్టింగ్ లీడ్ ఆ రోజు సెలవు. రిలీజ్ ప్లాన్ మాట్లాడుతుండగా మేనేజర్, "ఆవిడకి కీమో నడుస్తోంది, రెండు వారాలకోసారి బుధవారం ఆస్పత్రికి వెళ్ళాలి, ఆ తర్వాత రెండు మూడు రోజులు లేవలేకపోతోంది, రిలీజ్ ఆవిడ మీద పెట్టొద్దు" అన్నాడు. ఇంకొకరు "అయ్యో, ఏ స్టేజ్ అట?" అని అడిగారు. కాసేపు అదే నడిచింది. చివరికి రెండు నెలలపాటు రిలీజ్ టెస్టింగ్ వేరే ఇంజనీర్ చూసుకోవాలని తేల్చారు.

పేరు తీసి విషయం ఉంచడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. "టీమ్‌లో ఒకరికి చికిత్స జరుగుతోంది" అని రాస్తే, ఎనిమిది మంది టీమ్‌లో ఎవరు సెలవుల్లో ఉన్నారో తెలియనిది ఎవరికి? అదొక దాగుడుమూత, అంతే.

"వ్యక్తిగత విషయం తొలగించాం" అని బ్రాకెట్లో పెట్టడం చూడటానికి నిజాయితీగా ఉంటుంది. బోర్డు మీటింగుల్లాంటి చోట, ఏదో తీసేశామని కూడా రికార్డులో ఉండాల్సిన చోట, అది సరైనదే. వారం వారం ఎంఓఎంలో మాత్రం అది వేలు పెట్టి చూపించినట్టే అవుతుంది. రికార్డింగ్‌కి యాక్సెస్ ఉన్నవాళ్ళు ముందుగా వెతికేది సరిగ్గా ఆ నిమిషాల కోసమే. రిలీజ్ ప్లాన్ అనే హెడ్డింగ్ కిందే ఆ బ్రాకెట్ ఉంటే, వెతకక్కర్లేకుండానే ఎవరి గురించో సగం తెలిసిపోతుంది.

ఇక మొత్తం ఎగరగొట్టడం. ముందుగా అందరికీ తోచేది ఇదే, చాలాసార్లు ఇదే సరిపోతుంది కూడా. ఆ మాటల వల్ల పని ఏమీ మారకపోతే, స్టేజ్ ఏంటి, ఏ ఆస్పత్రి, ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారు లాంటివైతే, ఆలోచించకుండా తీసేయండి. ఇక్కడ మాత్రం ఒక నిర్ణయం ఆ మాటలకి అతుక్కుని ఉంది. దాన్ని కూడా కలిపి తీసేస్తే ఏమవుతుందో చూడండి. రిలీజ్ ముందు రోజు క్లయింట్ మామూలుగానే టెస్టింగ్ లీడ్‌కి సైన్ ఆఫ్ అడుగుతూ మెయిల్ పెడతాడు, జవాబు రాదు, మళ్ళీ ఒక మెయిల్, ఈసారి సీసీలో ఇంకో నలుగురు. అప్పుడు ఎవరో మంచి మనసుతోనే "పాపం ఆవిడకి ఆరోగ్యం బాగాలేదు, కీమో..." అని రిప్లై ఆల్ కొడతారు. ఎంఓఎంలో దాచిందంతా మెయిల్లో బయటపడుతుంది.

అందుకే నేను నిర్ణయం ఉంచి కారణం తీసేస్తాను. అందరూ పొరపాటు చేసేది ఇక్కడే. "టెస్టింగ్ లీడ్ రెండు వారాలకోసారి బుధవారం నుంచి శుక్రవారం వరకు అందుబాటులో ఉండరు" అని రాసి, జబ్బు పేరు లేదు కదా అనుకుంటారు. కానీ ఆ వరసే అన్నీ చెప్పేస్తుంది. ఇంట్లో ఎవరికైనా కీమో చేయించినవాళ్ళకి రెండు వారాలకో, మూడు వారాలకో ఒక సైకిల్ అంటే ఏంటో విడమరిచి చెప్పక్కర్లేదు. వారానికి మూడు రోజులు ఉదయం పూట ఉండరు అంటే డయాలసిస్ గుర్తొస్తుంది. కారణం తీసేశాక మిగిలినదాన్నుంచి ఆ కారణాన్ని మళ్ళీ కట్టుకోగలరా? నా దృష్టిలో తేల్చాల్సింది ఇదొక్కటే, మిగతావన్నీ దీని తర్వాతే.

కాబట్టి ఆవిడ ఎప్పుడు ఉండరో రాయను, పని ఎవరిదో రాస్తాను: "వచ్చే రెండు నెలల రిలీజ్‌లకు టెస్టింగ్, సైన్ ఆఫ్ బాధ్యత ఫలానా ఇంజనీర్‌ది. సందేహాలుంటే ఆయనకే రాయండి." వాక్యంలో ఆవిడ పేరు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. "వ్యక్తిగత కారణాల వల్ల" అని కూడా కలపను, ఆ మాట చూడగానే ఏంటా కారణాలు అనే ఆలోచన మొదలవుతుంది. పంపేముందు గత నాలుగు ఎంఓఎంలు, టీమ్ సెలవుల క్యాలెండర్ పక్కన పెట్టుకుని, ఇవన్నీ చూడగలిగే క్లయింట్ మేనేజర్‌లా ఒకసారి చదువుతాను. ఏదైనా అతికితే వాక్యం మారుస్తాను. గూగుల్ డాక్‌లో రాస్తుంటే ఇంకో సంగతి కూడా ఉంది. మీరు చెరిపేసిన వాక్యం వెర్షన్ హిస్టరీలో ఉంటుంది, ఎడిట్ యాక్సెస్ ఉన్న ఎవరైనా చూడొచ్చు. మొదటి డ్రాఫ్ట్‌లోకి ఆ మాటలు వచ్చేసి ఉంటే, కొత్త డాక్ తెరిచి శుభ్రమైన టెక్స్ట్ అందులోకి తెచ్చి దాన్నే షేర్ చేయాలి.

మరి ఆవిడే మీటింగ్‌లో ఉండి స్వయంగా చెప్పి ఉంటే? ఆవిడ చెప్పింది ఆ ఎనిమిది మందికి, మెయిల్ లిస్టులో ఉన్నవాళ్ళందరికీ కాదు. కాబట్టి అప్పుడు కూడా రాయను, కాకపోతే అడుగుతాను, గ్రూప్ చాట్‌లో కాదు, విడిగా: "మీ పని ఫలానావాళ్ళకి ఇచ్చినట్టు ఇలా రాశాను, చూస్తారా?" కొందరు కారణం కూడా రాయమంటారు. లేకపోతే పని తప్పించుకుంటున్నారని అనుకుంటారేమోనని వాళ్ళ టెన్షన్. అలాంటప్పుడు వాళ్ళు చెప్పిన మాటలే, వాళ్ళు చెప్పినంతే రాస్తాను. మేనేజర్ చెప్పేశాడు కదా అనే ధైర్యంతో మాత్రం ఏదీ రాయకూడదు, ఆ విషయం మేనేజర్‌ది కాదు.

చట్టం సంగతి క్లుప్తంగా. మన దేశంలో 2011 నాటి ఐటీ నిబంధనలు శారీరక, మానసిక ఆరోగ్య స్థితిని సున్నితమైన సమాచారం కింద పెట్టాయి. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లో ఆరోగ్య సమాచారం ప్రత్యేక వర్గం. క్లయింట్ అక్కడివాడైతే, ఒక మెయిల్‌తో ఆ సమాచారాన్ని ఇంకో దేశంలోని ఇంకో కంపెనీ సర్వర్‌లోకి మీరే పంపినట్టు.

ఎంఓఎం శుభ్రం చేశారు సరే, రికార్డింగ్? మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో మామూలు మీటింగ్ రికార్డింగ్ వన్‌డ్రైవ్‌లోకి, చానెల్ మీటింగ్ అయితే షేర్‌పాయింట్‌లోకి వెళ్తుంది, పిలిచినవాళ్ళకి చూసే అనుమతి సాధారణంగా దానంతటదే వచ్చేస్తుంది. అంటే ఆ రోజు సెలవులో ఉన్న టెస్టింగ్ లీడ్ కూడా తెరిచి, తన గురించి ఏమనుకున్నారో వినొచ్చు. ట్రాన్స్‌క్రిప్ట్ విడిగా ఉంటుంది, మీటింగ్ చాట్ ఇంకోచోట. వీడియో ఒక్కటి తీసేసి పని అయిపోయిందనుకోవద్దు. అసలు నేనైతే చెరిపేయమని కూడా అనను, ముఖ్యంగా అక్కడ ఎవరైనా చులకనగా మాట్లాడి ఉంటే. రేపు ఆవిడ ఫిర్యాదు పెడితే అదే సాక్ష్యం, దాన్ని మాయం చేసింది నోట్స్ రాసినవాళ్ళే అని తేలితే కథ ఇంకోలా ఉంటుంది. ఆర్గనైజర్‌కి ఫోన్ చేసి, ఎంఓఎం పంపకముందే రికార్డింగ్, ట్రాన్స్‌క్రిప్ట్ రెండింటికీ యాక్సెస్ తగ్గించమని, ఉంచాలా తీయాలా అన్నది హెచ్‌ఆర్‌ని అడగమని చెప్పండి. మెయిల్ వద్దు, ఎందుకు తగ్గించమంటున్నారో అందులో రాయాల్సి వస్తుంది.