బోర్డు మీద గీత కొట్టిన వరుసలు: స్కాన్ యాప్‌తో రెండేళ్ల అనుభవం

విశాఖపట్నం పోర్టు దగ్గర సరుకు రవాణా పనులు చూసే మా ఆఫీసులో, ప్రతి సోమవారం సమావేశం ముగియగానే వైట్‌బోర్డును ఫొటో తీసి, అక్షరాలను టెక్స్టుగా మార్చే స్కాన్ యాప్‌ను రెండేళ్లుగా వాడుతున్నాను. చుక్క పెట్టి రాసిన ఇంగ్లీషు వరుసలను అది చక్కగా చదువుతుంది. తెలుగు చేతిరాతలో మాత్రం అక్షరం కింద వేసిన ఒత్తును ఒక్కోసారి కింది వరుసలోని చుక్కగా లెక్కిస్తుంది.

అసలు ఇబ్బంది కొట్టివేతలతోనే. ఒకసారి బోర్డు మీద 'లారీలు 6, గురువారం' అన్న వరుసను ఎర్ర మార్కర్‌తో కొట్టేసి, బాణం గీసి, పక్కన 'లారీలు 4, శుక్రవారం' అని రాశాం. యాప్ ఆ గీతను వదిలేసి రెండు వరుసలనూ మామూలు వరుసలుగానే ఇచ్చింది, బాణం అసలు కనిపించలేదు. నేను సరిచూడకుండా పంపినందువల్ల గురువారమే ఆరు లారీలు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాయి. ఆ రోజు డ్రైవర్లకు సమాధానం చెప్పుకోవలసి వచ్చినప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

కారణం తర్వాత అర్థమైంది. నేను ఎంచుకున్న నలుపు తెలుపు పద్ధతి నేపథ్యాన్ని తెల్లగా చేసే క్రమంలో రంగుల తేడాను చెరిపేస్తుంది కాబట్టి, నల్ల అక్షరం మీది ఎర్ర గీత కూడా అక్షరంలో భాగమైపోతుంది. అంకెల మీద ఇది మరీ ప్రమాదకరం: అడ్డగీత పడిన 11ను అది `H` అని చదివింది. వాక్యం మధ్యలో ఇలాంటి అర్థంలేని అక్షరం కనిపిస్తే అక్కడ కొట్టివేత ఉందేమోనని ఫొటో చూడాలి. గీతను పూర్తిగా వదిలేసినప్పుడు మాత్రం ఆ గుర్తు కూడా దొరకదు.

అందుకే ఇప్పుడు రంగుల ఫొటోను విడిగా దాచుకుంటాను. ట్యూబ్‌లైటు మెరుపు బోర్డు మీద పడకుండా ఫ్లాష్ ఆపి, కాస్త పక్కకు జరిగి తీస్తాను. ఆ వంకరను యాప్ సరిచేస్తుంది. తర్వాత ఫొటో పక్కన పెట్టుకుని గీతలను, బాణాలను నేనే చేర్చుతాను:

```
- ~~లారీలు 6, గురువారం~~ -> లారీలు 4, శుక్రవారం
- తూకం చీటీలు -> స్టోర్
  - డ్రైవర్ సంతకం
```

కొట్టేసిన వరుసను తీసేయకుండా ఇలా ఉంచడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే పాత నిర్ణయం విన్నవారికి అది మారిందని తెలియాలి. బాణంలో మొన ఎటు ఉందో కూడా చూసుకోవాలి. 'తూకం చీటీలు' స్టోర్‌కు వెళ్లాలా, స్టోర్ నుంచి రావాలా అన్నది ఆ మొన మీదే ఆధారపడి ఉంటుంది. ఈ దిద్దుబాటుకు నిండు బోర్డయితే పది నిమిషాలు పడుతుంది, అయినా మొత్తం టైపు చేయడం కంటే తక్కువే. నాలుగైదు బాణాలు ఒకదాన్నొకటి దాటే బోర్డుల విషయంలో మాత్రం టెక్స్టును నమ్మకుండా, దానితో పాటు ఫొటోను కూడా పంపుతున్నాను. అందరూ ఉండగానే వరుసలు పైకి చదివి ఖాయం చేసుకున్నాకే బోర్డు తుడుస్తున్నాం.